ఎక్సెల్‌లో ఫార్ములా లెక్క చేయకుండా అక్షరాలుగానే నిలిచిపోతే: Text ఫార్మాట్‌లో ఉన్న కాలమ్‌ను సరిదిద్దే పద్ధతి

దాళ్వా కోతలు ముగిసి కాటాలు జోరుగా సాగుతున్న రోజుల్లో, మండపేట వైపు ధాన్యం కొనే ఒక వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఉన్న ఒకాయన నాకు ఒక ఎక్సెల్ ఫైలు పంపించారు. "క్వింటాళ్ల కాలమ్‌లో లెక్క రావడం లేదండీ, నేను కొట్టిన ఫార్ములాయే అలాగే కనబడుతోంది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టినా అంతే" అన్నది ఆయన ఫిర్యాదు. ఫైలు తెరిచిన మరుక్షణమే కారణం తెలిసింది గానీ, దాన్ని సరిదిద్దబోతున్నప్పుడు అంతకంటే ప్రమాదకరమైన విషయం ఒకటి బయటపడింది. లెక్క రాకపోవడం కంటికి కనిపించే తప్పు కనుక ఎవరైనా ఆగి చూస్తారు. తొందరపడి సరిచేసిన తర్వాత వచ్చే తప్పుడు లెక్క మాత్రం ఒప్పులాగే కనిపిస్తుంది. ఈ రెండింటినీ ఆ ఫైలు ఆధారంగానే వివరిస్తాను. ఇక్కడ చెప్పే మెనూలు, మీటలు విండోస్‌లో నడిచే ఎక్సెల్‌కు సంబంధించినవి.

ఆ పట్టికలో మొదట A కాలమ్‌లో రైతు పేరు, B లో సర్వే నంబర్, C లో బస్తాల సంఖ్య, D లో క్వింటా ధర, E లో చెల్లించవలసిన సొమ్ము ఉండేవి. యజమాని క్వింటాళ్లు కూడా విడిగా చూపమన్నారు. దాంతో గుమాస్తా సర్వే నంబర్ పక్కన కొత్త కాలమ్ ఒకటి చేర్చారు. ఫలితంగా C కొత్తగా వచ్చిన క్వింటాళ్ల కాలమ్ అయింది, బస్తాలు D లోకి, ధర E లోకి, సొమ్ము F లోకి జరిగాయి. మన వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు కనుక, C2 లో ఆయన ఇలా రాశారు:

```
=D2*0.75
```

36 అని రావలసిన చోట అదే వాక్యం, సమాన గుర్తుతో సహా, సెల్‌లో ఎడమవైపుకు అంటిపెట్టుకుని ఉండిపోయింది. F2 లో సొమ్ము కోసం రాసిన =C2*E2 అనే ఫార్ములా #VALUE! అని చూపింది. పట్టికలోని మిగతా అంకెలు ఇవి:

| వరుస | సర్వే నంబర్ (B) | బస్తాలు (D) | క్వింటా ధర (E) |
|---|---|---|---|
| 2 | 112/3 | 48 | 2300 |
| 3 | 5/2 | 62 | 2300 |
| 4 | 208/1 | 55 | 2300 |
| 5 | 9/4 | 40 | 2300 |
| 6 | 140/2A | 71 | 2300 |

ధర 2024-25 సీజన్‌కు కేంద్రం సాధారణ రకం ధాన్యానికి ప్రకటించిన కనీస మద్దతు ధర. ఆ లెక్కన 75 కిలోల బస్తాకు 1725 రూపాయలు. ఈ అంకె తర్వాత పనికొస్తుంది.

ముందుగా కారణాన్ని తేల్చుకోవడం

ఫార్ములా అక్షరాలుగా కనిపించడానికి Text ఫార్మాట్ ఒక్కటే కారణం కాదు. షీట్ మొత్తం ఫార్ములాలను చూపే స్థితిలోకి వెళ్లినప్పుడు కూడా ఇలాగే కనిపిస్తుంది. కీబోర్డు మీద 1 అంకెకు ఎడమవైపున ఉండే ` మీటను Ctrl తో కలిపి పొరపాటున నొక్కితే ఆ స్థితి వస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా గుర్తించడం తేలిక. ఆ స్థితిలో షీట్‌లోని ప్రతి ఫార్ములా బయటపడుతుంది, కాలమ్‌లన్నీ ఒక్కసారిగా వెడల్పవుతాయి, అవే మీటలు మళ్లీ నొక్కితే అంతా మామూలవుతుంది. మన ఫైలులో F కాలమ్ తన ఫలితాన్ని, అది #VALUE! అయినా సరే, చూపిస్తూనే ఉంది. C ఒక్కటే అక్షరాలుగా ఉంది. కాబట్టి తప్పు షీట్‌ది కాదు, ఆ కాలమ్‌ది.

ఇక C2 ను ఎంచుకుని, Home ట్యాబ్‌లో Number అనే భాగంలో ఉన్న పెట్టెలోకి చూస్తే Text అని ఉంటుంది. చాలామంది ఇంతటితో ఆగిపోతారు గానీ, ఆ పెట్టె చెప్పేది పూర్తిగా నమ్మదగినది కాదు. మీకంటే ముందు ఎవరో ఆ ఫార్మాట్‌ను General గా మార్చి, అయినా లెక్క రాలేదని వదిలేసి ఉండవచ్చు. అప్పుడు పెట్టెలో General అని ఉంటుంది, సెల్‌లో మాత్రం అక్షరాలే ఉంటాయి. సందేహానికి తావులేకుండా తేల్చేది ISFORMULA అనే ఫంక్షన్. ఇది ఎక్సెల్ 2013 నుంచి ఉంది. పట్టికకు దూరంగా ఉన్న ఏదైనా ఖాళీ సెల్‌లో ఇలా రాయండి:

```
=ISFORMULA(C2)
```

FALSE వస్తే, సెల్‌లో సమాన గుర్తుతో మొదలయ్యే వాక్యం కనిపిస్తున్నా ఎక్సెల్ దృష్టిలో అది ఫార్ములా కాదు, రైతు పేరు లాంటి అక్షరాల వరుస మాత్రమే. F9 నొక్కినా, ఫైలు మూసి తెరిచినా, కంప్యూటర్ ఆపి పెట్టినా ఫలితం ఉండకపోవడానికి ఇదే కారణం. F9 చేసేది ఫార్ములాలను మళ్లీ లెక్కించడం, ఇక్కడ లెక్కించడానికి ఫార్ములాయే లేదు.

మౌస్‌తోనే చూసుకునే సూచన కూడా ఒకటి ఉంది. C2 నుంచి C6 వరకు ఎంచుకుని తెర అడుగున ఉండే పట్టీని చూడండి. అంకెలున్న సెల్‌లైతే అక్కడ Sum కనిపిస్తుంది. అన్నీ అక్షరాలే అయితే Count: 5 అని మాత్రమే ఉంటుంది, Sum ఉండదు.

ఫార్మాట్ మార్చినా లెక్క ఎందుకు రాదు

సెల్‌లో ఏదైనా కొట్టి Enter నొక్కిన క్షణంలోనే ఎక్సెల్ దాన్ని అంకెగా తీసుకోవాలా, తేదీగా తీసుకోవాలా, ఫార్ములాగా తీసుకోవాలా అని నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం తీసుకునే ముందు సెల్ ఫార్మాట్‌ను చూస్తుంది. ఫార్మాట్ Text అయితే, "ఇక్కడ ఏం కొట్టినా ఉన్నదున్నట్టుగా ఉంచు" అని ముందే ఆదేశించినట్టు లెక్క. అందుకే సమాన గుర్తును కూడా మామూలు అక్షరంగానే దాచుకుంటుంది. తర్వాత మీరు ఫార్మాట్‌ను General గా మార్చితే, ఇకమీదట కొట్టబోయేదాన్ని ఎలా తీసుకోవాలో మారుతుందే తప్ప, లోపల ఇప్పటికే ఉన్నది తిరిగి పరిశీలనకు రాదు. బస్తాకు కట్టిన చీటీ మార్చినంత మాత్రాన లోపలి ధాన్యం రకం మారదు కదా. కాబట్టి మరమ్మతు ఏదైనా రెండు అంచెల్లో ఉంటుంది: మొదట ఫార్మాట్ మార్చడం, తర్వాత లోపల ఉన్నదాన్ని మళ్లీ ఒకసారి కొట్టినట్టు చేయడం. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ రెండో అంచెను రకరకాలుగా చేసేవే.

సరిదిద్దే ముందు సెల్‌లలో ఏముందో చదవాలి

గుమాస్తా C2 లో రాశాక, అలవాటు ప్రకారం సెల్ కుడి అడుగు మూలన ఉండే చిన్న చతురస్రాన్ని పట్టుకుని C6 వరకు కిందికి లాగారు. ఆయన అనుకున్నది C3 లో =D3*0.75, C4 లో =D4*0.75 అని వస్తాయని. నిజానికి వచ్చినవి ఇవి:

```
=D2*0.75
=D2*0.76
=D2*0.77
=D2*0.78
=D2*0.79
```

ఇది మొదటిసారి చూసినవారికి వింతగానే ఉంటుంది. అసలు ఫార్ములాను లాగితే ఎక్సెల్ అందులోని D2 ను D3 గా, D4 గా మార్చుకుంటూ పోతుంది. ఇది ఫార్ములా కాదు, అక్షరాల వరుస. చివర అంకె ఉన్న అక్షరాల వరుసను కిందికి లాగితే, ఆ చివరి అంకెకు ఒక్కొక్కటి కలుపుకుంటూ పోవడం ఎక్సెల్ పద్ధతి. "కాటా 1" అని రాసి లాగితే "కాటా 2", "కాటా 3" అని ఎలా వస్తాయో, అలాగే ఇక్కడ చివర ఉన్న 75 కాస్తా 76, 77 అయింది. D2 మాత్రం ప్రతి వరుసలోనూ D2 గానే ఉండిపోయింది.

ఇప్పుడు ఈ అయిదు వాక్యాలను చదవకుండా ఏదో ఒక ఉపాయంతో ఫార్ములాలుగా మార్చేస్తే ఏమవుతుందో చూడండి. C2 లో 36, C3 లో 36.48, C4 లో 36.96, C5 లో 37.44, C6 లో 37.92 వస్తాయి. మొత్తం 184.8 క్వింటాళ్లు. ఎక్కడా ఎరుపు గుర్తు ఉండదు, #VALUE! ఉండదు. F కాలమ్ కూడా తన లెక్క తాను చక్కగా చేసుకుపోతుంది. 40 బస్తాలు వేసిన రైతుకు 30 క్వింటాళ్లకు బదులు 37.44 క్వింటాళ్ల సొమ్ము, 71 బస్తాలు వేసినాయనకు 53.25 క్వింటాళ్లకు బదులు 37.92 క్వింటాళ్ల సొమ్ము ముడుతుంది. మొత్తం మీద వ్యాపారికి మిగిలినట్టే ఉంటుంది, గొడవ మాత్రం రైతు వచ్చి బస్తాలు లెక్కబెట్టినప్పుడు మొదలవుతుంది. సరిదిద్దబోతున్నప్పుడు ప్రమాదకరమైన విషయం బయటపడిందన్నది ఇదే.

చదవడం కష్టమేమీ కాదు. ఎడమ అంచున ఉన్న వరుస సంఖ్యను, వాక్యంలోని సెల్ సంఖ్యను పోల్చుకోండి. 5వ వరుసలో ఉన్న వాక్యంలో D5 ఉండాలి. D2 ఉంటే అది లాగడం వల్ల వచ్చిన నకలు. నాలుగైదు వరుసలు, ముఖ్యంగా చివరి వరుస చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఏ మరమ్మతు చేయాలన్నది ఈ చదువు మీదే ఆధారపడి ఉంటుంది.

వాక్యాలు లాగినవైతే: ఒక్కటి సరిచేసి, మిగతావి దాని నుంచి నింపడం

మన ఫైలు ఈ కోవకు చెందింది కనుక C3 నుంచి C6 వరకు ఉన్నవాటిని కాపాడుకోవలసిన అవసరం లేదు. చేయవలసిన పని ఇది.

1. C2 నుంచి C6 వరకు ఎంచుకుని Ctrl, Shift, ~ మీటలు కలిపి నొక్కండి. ఫార్మాట్ General అవుతుంది. తెర మీద ఏ మార్పూ కనిపించదు, కంగారుపడవద్దు.
2. C2 ను మాత్రమే ఎంచుకుని కీబోర్డు మీది F2 మీట నొక్కండి. సెల్ లోపల కర్సర్ మెరుస్తుంది. ఏమీ మార్చకుండా Enter కొట్టండి. C2 లో 36 వస్తుంది, కుడివైపుకు జరుగుతుంది.
3. మళ్లీ C2 నుంచి C6 వరకు ఎంచుకుని Ctrl, D నొక్కండి. పై సెల్‌లోని ఫార్ములా, ఫార్మాట్‌తో సహా, కింది సెల్‌లన్నింటిలోకి దిగుతుంది. ఈసారి అది అసలైన ఫార్ములా కనుక D3, D4, D5, D6 అని తనంతట తానే మారుతుంది.

మూడో అంచెలో చతురస్రం మీద రెండుసార్లు క్లిక్ చేసి కూడా నింపవచ్చు. అయితే కింద ఇప్పటికే నిండిన సెల్‌లు ఉన్నప్పుడు ఆ నింపుడు ఎక్కడ ఆగుతుందో చూసుకోవాలి. పట్టికకు ఆనుకుని C7 లో మొత్తం రాసి ఉంటే, దాని మీద కూడా రాసేసుకుంటుంది. ఎక్కడి నుంచి ఎక్కడి వరకు అన్నది మనమే ఎంచుకుంటాం కనుక Ctrl, D యే నాకు నచ్చుతుంది.

ఫలితాలు వరుసగా 36, 46.5, 41.25, 30, 53.25 అవుతాయి. మొత్తం 207 క్వింటాళ్లు. F కాలమ్ మొత్తం 4,76,100 రూపాయలు. F లోని #VALUE! దానంతట అదే తొలగిపోతుంది, దాన్ని ముట్టుకోనవసరం లేదు.

వాక్యాలు వేటికవి సరిగా ఉంటే: Text to Columns

అదే ఫైలులో రెండో షీట్ ఉంది. అక్కడ అదే పట్టికలో, గుమాస్తా దగ్గర పని నేర్చుకుంటున్న అబ్బాయి ఒక్కొక్క వరుసలో ఫార్ములాను చేత్తో కొట్టాడు, ఎందుకంటే 4వ వరుస రైతు ధాన్యంలో తేమ ఎక్కువ ఉందని ఒక బస్తా తరుగు తీశారు:

```
=D2*0.75
=D3*0.75
=D4*0.75-0.75
=D5*0.75
=D6*0.75
```

ఇవి కూడా అక్షరాలుగానే ఉన్నాయి, కానీ ప్రతి వాక్యమూ తన వరుసకు సరైనదే. ఇక్కడ పై పద్ధతిలో Ctrl, D నొక్కితే 4వ వరుసలోని తరుగు చెరిగిపోతుంది. మొత్తం 206.25 క్వింటాళ్లకు బదులు 207, సొమ్ము 4,74,375 కు బదులు 4,76,100 వస్తుంది. తేడా సరిగ్గా 1725, అంటే ఒక బస్తా ధర. లెక్కల్లో తేడా సరిగ్గా ఒక బస్తా ధర అంత వస్తే ఎక్కడ వెతకాలో అనుభవం ఉన్న గుమాస్తాకు చెప్పనక్కర్లేదు గానీ, నాలుగు వందల వరుసల్లో పది తరుగులు కలిసిపోతే ఆ ఆనవాలు కూడా దొరకదు.

అయిదు సెల్‌లే అయితే, ఫార్మాట్ General చేసి, ఒక్కొక్కదాని మీద F2, Enter కొట్టుకుంటూ దిగిపోవచ్చు. వందల వరుసలుంటే Text to Columns వాడాలి. దాని అసలు పని ఒక కాలమ్‌ను అనేక కాలమ్‌లుగా విడగొట్టడం. విడగొట్టడానికి ఏమీ లేనప్పుడు అది ప్రతి సెల్‌లోని విషయాన్ని తీసి, మళ్లీ అదే సెల్‌లో కొట్టినట్టుగా పెడుతుంది. మనకు కావలసింది సరిగ్గా అదే.

C2 నుంచి C6 వరకు మాత్రమే ఎంచుకోండి. ఇది ఒకసారికి ఒక కాలమ్‌కే పనిచేస్తుంది. Data ట్యాబ్‌లో Text to Columns నొక్కితే మూడు అంచెల పెట్టె ఒకటి తెరుచుకుంటుంది. మొదటి అంచెలో Delimited ఎంచుకుని Next నొక్కండి. రెండో అంచెలో Tab ఒక్కదానికే టిక్కు ఉంచి, Comma, Space వంటి మిగతావాటికి టిక్కులు తీసేయండి. మూడో అంచెలో General ఎంచుకుని Finish నొక్కండి. కాలమ్ అంతా ఒక్కసారిగా అంకెలవుతుంది.

రెండో అంచెను తొందరలో దాటేయవద్దు. అంతకుముందు అదే రోజు మీరు ఏదైనా జాబితాను కామాల దగ్గర విడగొట్టి ఉంటే, ఎక్సెల్ ఆ టిక్కును గుర్తుంచుకుంటుంది. అప్పుడు కామాలున్న ఫార్ములా, ఉదాహరణకు తరుగును షరతుతో రాసిన ఈ వాక్యం, ముక్కలవుతుంది:

```
=IF(D4>50,D4*0.75-0.75,D4*0.75)
```

దీనిలోని రెండో ముక్క పక్కన ఉన్న బస్తాల కాలమ్ మీద పడబోతుంది. ఆ సమయంలో అక్కడ ఇప్పటికే ఉన్న వివరాల మీద రాయమంటారా అని ఎక్సెల్ ఒక ప్రశ్న వేస్తుంది. ఈ పనిలో ఆ ప్రశ్న ఎప్పుడు వచ్చినా ఏదో టిక్కు మిగిలిపోయిందని అర్థం. Cancel నొక్కి మళ్లీ మొదటి నుంచి రావాలి.

Text to Columns కు ఉన్న మరో సుగుణం, వాక్యం ముందు కనిపించకుండా ఉండే ఒంటి కొటేషన్ గుర్తును కూడా ఇది తీసేస్తుంది. సెల్‌లో ' గుర్తుతో మొదలుపెట్టి కొడితే, ఫార్మాట్ General అయినా ఎక్సెల్ దాన్ని అక్షరాలుగానే ఉంచుతుంది. ఆ గుర్తు సెల్‌లో కనిపించదు, పైన ఉండే ఫార్ములా పట్టీలో మాత్రమే కనిపిస్తుంది. F2, Enter ఎన్నిసార్లు కొట్టినా లొంగని సెల్ ఉంటే ముందు ఆ పట్టీలోకి చూడండి.

ఒకటి కంటే ఎక్కువ కాలమ్‌లు ఇలా ఉంటే, వాటి ఫార్మాట్‌ను General చేసి, వాటిని మాత్రమే ఎంచుకుని, Ctrl, H నొక్కి, Find what లోనూ Replace with లోనూ = గుర్తునే పెట్టి Replace All నొక్కడం వేగమైన దారి. ఒకే గుర్తును అదే గుర్తుతో మార్చడం అర్థంలేనిదిగా కనిపించవచ్చు గానీ, మార్చిన ప్రతి సెల్‌నూ ఎక్సెల్ మళ్లీ కొట్టినట్టుగా తీసుకుంటుంది. ఫార్మాట్ ముందుగా మార్చకపోతే మాత్రం దీనివల్ల ఏ ఉపయోగమూ ఉండదు.

B కాలమ్‌ను ముట్టుకోకూడదు

ఇంతవరకు వచ్చాక, గుమాస్తా అడిగిన తర్వాతి ప్రశ్న సహజమైనదే: "ఈ Text గొడవ మొత్తం వదిలిపోయేలా షీట్ అంతటినీ General చేసేయవచ్చు కదండీ?" చేయకూడదు. సర్వే నంబర్ కాలమ్‌ను ఎవరో తెలిసినవారే, కావాలనే Text లో పెట్టారు. మామూలు సెల్‌లో 5/2 అని కొడితే, మన దేశపు తేదీ అమరిక ఉన్న కంప్యూటర్‌లో అది ఫిబ్రవరి 5వ తేదీ అయిపోతుంది. 9/4 ఏప్రిల్ 9 అవుతుంది. ఒకసారి తేదీగా మారాక ఫార్మాట్‌ను తిరిగి Text చేస్తే 5/2 రాదు, ఆ తేదీకి ఎక్సెల్ లోపల వాడుకునే అయిదంకెల సంఖ్య బయటపడుతుంది.

B కాలమ్‌ను General చేసినంత మాత్రాన వెంటనే ఏమీ జరగదు, పైన చెప్పిన కారణం వల్లే. కానీ ఆ తర్వాత ఎవరైనా ఆ సెల్‌లోకి F2 తో వెళ్లి Enter కొట్టినా, పొరపాటున ఆ కాలమ్ మీద Text to Columns నడిపినా, తేదీలు తయారవుతాయి. రైతుల బ్యాంకు ఖాతా నంబర్ల కాలమ్ పక్కనే ఉంటే ఇంకా జాగ్రత్త అవసరం. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలను మాత్రమే నిలుపుకుంటుంది. అంతకంటే పొడవైన ఖాతా నంబరు అంకెగా మారితే చివరి అంకెలు సున్నాలవుతాయి, ముందున్న సున్నాలు రాలిపోతాయి. ఆ సొమ్ము ఎవరి ఖాతాకు పోతుందో చెప్పలేం. కాబట్టి మరమ్మతు చేసే ప్రతిసారీ ఎంచుకున్నది C మాత్రమేనా అని ఒకసారి చూసుకోవాలి.

పని పూర్తయిందో లేదో తేల్చుకోవడం

కంటితో చూసి సరిపెట్టుకుంటే మధ్యలో ఒకటి రెండు సెల్‌లు మిగిలిపోవచ్చు. SUM అక్షరాలను లెక్కలోకి తీసుకోదు, ఫిర్యాదు కూడా చేయదు. అయిదూ అక్షరాలుగా ఉన్నప్పుడు వాటి SUM సున్నా అని వస్తుంది, అది అనుమానం పుట్టిస్తుంది. మూడు సరయి రెండు మిగిలితే ఆ మూడింటి మొత్తమే వస్తుంది, అది ఎవరికీ అనుమానం పుట్టించదు. అందుకని దూరంగా ఉన్న ఒక సెల్‌లో ఇది రాయండి:

```
=SUMPRODUCT(--ISFORMULA(C2:C6))
```

ఇది ఆ వరుసల్లో అసలైన ఫార్ములాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది. మన పట్టికలో 5 రావాలి. నాలుగు వస్తే ఒకటి మిగిలిపోయింది.

అన్నీ ఫార్ములాలే అయినా, లాగడం వల్ల వచ్చిన తప్పు వాక్యాలు అందులో ఉండవచ్చు కనుక మరో పరీక్ష కూడా కావాలి. బస్తాల మొత్తం 276. దాన్ని 0.75 తో హెచ్చిస్తే 207. మొదటి షీట్‌లో C కాలమ్ మొత్తం దీనితో సరిపోవాలి. రెండో షీట్‌లో తరుగు 0.75 తీస్తే 206.25 తో సరిపోవాలి. ముందు చూసిన 184.8 ఈ పరీక్షలో నిలబడదు. చదవకుండా మార్చినా ఇక్కడైనా దొరికిపోతుంది, ఈ పరీక్ష చేస్తేనే సుమా.

అసలు Text ఎక్కడి నుంచి వచ్చింది

గుమాస్తా C కాలమ్‌ను ఎప్పుడూ Text గా పెట్టలేదని ఒట్టేసి చెప్పారు. అది నిజమే. కొత్త కాలమ్ చేర్చినప్పుడు ఎక్సెల్ దానికి ఎడమ పక్కనున్న కాలమ్ ఫార్మాట్‌ను తొడుగుతుంది. ఎడమన ఉన్నది సర్వే నంబర్ల కాలమ్, అది Text. అదే క్వింటాళ్ల కాలమ్‌ను బస్తాలకు కుడివైపున చేర్చి ఉంటే ఈ ఇబ్బందే వచ్చేది కాదు.

ఇంకో దారిలో కూడా ఈ ఫార్మాట్ చొరబడుతుంది. ఇది మరింత మాయగా ఉంటుంది. General సెల్‌లో =B2 లాంటి ఫార్ములా రాసి, అది చూపేది Text సెల్ అయితే, ఎక్సెల్ ఆ ఫార్ములా సెల్‌కు కూడా Text ఫార్మాట్‌ను అంటించవచ్చు. కొట్టినప్పుడు సెల్ General గానే ఉంది కనుక మొదటిసారి ఫలితం సక్రమంగా వస్తుంది. వారం తర్వాత దాన్ని కాస్త సవరిద్దామని F2 నొక్కి Enter కొట్టగానే ఫలితం మాయమై ఫార్ములా అక్షరాలుగా మిగులుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది, ముట్టుకోగానే పాడయింది" అనే ఫిర్యాదు వస్తే నేను మొదట అనుమానించేది దీన్నే. అలాంటి సెల్‌లో ముందు General పెట్టి, తర్వాతే సవరించాలి.

కొత్త కాలమ్ విషయంలో మాత్రం ముందే అడ్డుకోవచ్చు. కాలమ్ చేర్చిన వెంటనే దాని పక్కన చిన్న బ్రష్ బొమ్మ ఒకటి కనిపిస్తుంది. దాన్ని నొక్కి Format Same As Right ఎంచుకుంటే, కొత్త కాలమ్ కుడివైపున్న బస్తాల కాలమ్ ఫార్మాట్ తీసుకుంటుంది. ఆ బొమ్మ కనిపించకపోయినా, లేదా మరో పని మొదలుపెట్టడంతో పోయినా, కాలమ్ పైనున్న C అక్షరం మీద నొక్కి, ఒక్క అక్షరం కూడా రాయకముందే Ctrl, Shift, ~ నొక్కితే చాలు. ఆ గుమాస్తా ఇప్పుడు కాలమ్ చేర్చగానే మొదట ఈ మూడు మీటలు నొక్కి, ఆ తర్వాతే శీర్షిక రాస్తున్నారు.